ఎండను అమ్ముకోవడం కాదు, వాడుకోవడం: సౌర, పవన విద్యుత్ రంగంపై బోర్డుకు నివేదిక

(నవంబరు బోర్డు మీటింగు, ఆదోని మిల్లు. తెర మీద కనిపించేది కొద్దిగానే ఉంటుంది. నోట్సు నేను మాట్లాడటానికి రాసుకున్నవి. టైము 25 నిమిషాలు, ప్రశ్నలకు ఎంతసేపైనా.)

స్లయిడు 1: ఈ రోజు అడిగేది ఒక్కటే

తెర మీద:
- మన మిల్లు ఆవరణలో 2 మెగావాట్ల సోలార్, మన వాడకానికి మాత్రమే
- ఖర్చు 8.5 కోట్లు
- కరెంటు అమ్మే వ్యాపారంలోకి దిగొద్దు

నోట్సు: మూడో పాయింటు ముందే చెప్పేయాలి. "ఈ కుర్రాడు మనల్ని పవర్ కంపెనీ పెట్టమంటాడేమో" అన్న అనుమానంతోనే సగం మంది కూర్చుంటారు. అది తీరితే మిగతాది ప్రశాంతంగా వింటారు.

స్లయిడు 2: మన బిల్లు

తెర మీద:
- ఏడాదికి 2.10 కోట్ల యూనిట్లు
- అన్నీ కలిపి యూనిట్ సగటు 8.10 రూపాయలు, మొత్తం 17 కోట్లు
- పత్తి తర్వాత మన రెండో పెద్ద ఖర్చు

నోట్సు: టారిఫ్ పట్టికలో ఉండే రేటు వేరు, మనం కట్టేది వేరు. డిమాండ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు, పాత ఏళ్ల లోటును ఇప్పుడు వసూలు చేసే ట్రూఅప్, సుంకం అన్నీ దాని మీద ఎక్కుతాయి. పరిశ్రమలకు విద్యుత్ సుంకం 2022 ఏప్రిల్‌లో యూనిట్‌కు 6 పైసల నుంచి ఒక్కసారిగా రూపాయి అయింది. ఆ నెల బిల్లు చూసి అకౌంట్స్‌లో ఏదో తప్పు పడిందనుకుని డిస్కంకు ఫోన్ చేశాం. తప్పేమీ లేదన్నారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి: నూలు ధర మన చేతుల్లో లేదు, పత్తి ధర అసలే లేదు. కరెంటులో కొంత భాగం మాత్రం మన చేతుల్లోకి తెచ్చుకోవచ్చు.

స్లయిడు 3: మన చుట్టూ ఏం జరిగింది

తెర మీద:
- ఓర్వకల్లు దగ్గర గని, శకునాల: 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, 2017
- ఎన్.పి.కుంట, తాడిపత్రి దగ్గర తలారిచెరువు, కడప జిల్లా మైలవరం: ఒకదాని వెంట ఒకటి
- పిన్నాపురం: 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ
- రామగిరి గాలిమరలు: 1990ల నుంచి

నోట్సు: త్వరగా దాటేయాలి. వీటన్నిటినీ డైరెక్టర్లు కారు అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. ఇక్కడ ఎండ ఉందా లేదా అని రాయలసీమ వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ ఎండతో డబ్బు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నదే అసలు సంగతి.

స్లయిడు 4: అమ్మేవాడి కథ

తెర మీద (వేలంలో యూనిట్ ధర, రూపాయల్లో):
- 2015 నవంబరు, ఆంధ్రప్రదేశ్: 4.63
- 2017 ఏప్రిల్, కడప పార్కు: 3.15
- 2017 మే, రాజస్థాన్ భడ్లా: 2.44
- 2020 డిసెంబరు, గుజరాత్: 1.99

నోట్సు: ఈ నాలుగు అంకెలూ కొనేవాడికి పండగ, అమ్మేవాడికి పస్తు. 4.63కి వేలం గెలిచిన అమెరికా కంపెనీ మరుసటి ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. గెలిచినంత మాత్రాన బాగుపడరు.

పైగా ఎండ అందరికీ ఒకే వేళకు వస్తుంది. మధ్యాహ్నం ఒంటి గంటకు దేశంలోని ప్యానెళ్లన్నీ కలిసి కరెంటు ఇస్తాయి కాబట్టి విద్యుత్ ఎక్స్ఛేంజిలో ధర పడిపోతుంది. సాయంత్రం ఏడింటికి అదే ధర 10 రూపాయల పరిమితి దాకా ఎగబాకే రోజులున్నాయి. అప్పటికి ప్యానెల్ నిద్రపోయి ఉంటుంది. టమాటా రైతు బాధ ఇదే: అందరి పంటా ఒకే వారం మదనపల్లి మార్కెట్‌కు వస్తే ఏమవుతుందో మనకు తెలుసు.

స్లయిడు 5: 2019

తెర మీద: (సంవత్సరం ఒక్కటే, పెద్ద అక్షరాల్లో)

నోట్సు: ఛైర్మన్ గారు ఈ స్లయిడు కోసమే ఎదురు చూస్తుంటారు. ఆయన అడిగేలోపే నేనే చెప్పాలి.

2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పాత సౌర, పవన ఒప్పందాలను తిరగదోడటానికి కమిటీ వేసింది. గాలి కరెంటును 2.43కు, సోలార్‌ను 2.44కు తగ్గించమని కంపెనీలకు లేఖలు వెళ్లాయి. పవన విద్యుత్‌కు అంతకుముందు ఒప్పుకున్న ధర 4.80 పైచిలుకు. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సెప్టెంబరులో కోర్టు ఆ చర్యలను కొట్టేసింది కానీ, విషయం తేలేదాకా అదే తక్కువ రేటున చెల్లించవచ్చంది. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచి ఆ మధ్యంతర రేటును కూడా రద్దు చేసి, ఒప్పందం ప్రకారం బకాయిలు ఆరు వారాల్లో కట్టమంది.

కాగితం మీద కంపెనీలే గెలిచాయి. కానీ రెండున్నరేళ్లకు పైగా సగం డబ్బుతో బ్యాంకు వాయిదాలు కట్టిన వాడిని గెలిచావా అని అడిగితే ఏం చెబుతాడు? 2018లో మన బోర్డు గాలిమరల ప్రతిపాదనను తిప్పి పంపింది. నేనప్పుడు బాగా నొచ్చుకున్నాను. ఆ నిర్ణయమే కరెక్టు అని ఈ సభలో ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అయితే దాన్నుంచి "సోలార్ వద్దు" అన్న పాఠం తీసుకుంటే పొరపాటు. అక్కడ దెబ్బ తగిలింది టెక్నాలజీకి కాదు. ఒకే కొనుగోలుదారుని నమ్ముకున్న వాళ్లకు తగిలింది. మన షెడ్డు మీద పుట్టిన యూనిట్ మన రింగ్ ఫ్రేమ్‌లోనే ఖర్చయితే, దానికి బిల్లు కట్టాల్సింది ఎవరూ లేరు, ఎగ్గొట్టేది ఎవరూ లేరు.

స్లయిడు 6: గాలి ఎందుకు వద్దు

తెర మీద: జూన్–సెప్టెంబరు బాగుంటుంది. మిగతా ఏడాది?

నోట్సు: జనవరిలో ఆస్పరి మీదుగా వచ్చేటప్పుడు రెక్కలు కదలకుండా నిలబడిన మరలు చూసే ఉంటారు. నైరుతి గాలులున్నప్పుడే అవి కడుపు నింపుతాయి. ఇంకొకరితో కలిసి గ్రూప్ క్యాప్టివ్‌లో వాటా తీసుకోవచ్చు. దానికి వాడేవాళ్ల చేతిలో 26 శాతం వాటా, ఉత్పత్తిలో 51 శాతం వాడకం ఉండాలి. కరెంటును గ్రిడ్ మీదుగా తెచ్చుకునే వీలింగ్, మిగిలింది గ్రిడ్‌లో దాచుకునే బ్యాంకింగ్ నిబంధనలు మారినప్పుడల్లా మన లెక్కా మారుతుంది. ఇప్పటికి పక్కన పెడదాం.

స్లయిడు 7: క్యాంటీన్ మీద పది ప్యానెళ్లు

తెర మీద: ఫొటో ఒకటి. ప్యానెల్ మీద వేలితో గీసిన గీత.

నోట్సు: జనవరిలో క్యాంటీన్ పైన 540 వాట్ల ప్యానెళ్లు పది పెట్టించాం. ఐదింటిని పదిహేను రోజులకొకసారి కడిగించాం, ఐదింటిని అలాగే వదిలేశాం. సేల్స్‌మన్ చెప్పని మూడు సంగతులు అక్కడ తెలిశాయి.

ఒకటి, నూగు. జిన్నింగ్ వైపు నుంచి వచ్చే పత్తి నూగు మంచుకు తడిసి, దుమ్ముతో కలిసి, అట్టలాగా అతుక్కుంటుంది. గాలికి పోదు, వానకూ పూర్తిగా పోదు. ఏప్రిల్‌లో కడగని ఐదూ కడిగిన వాటికన్నా 11 శాతం తక్కువ ఇచ్చాయి. ఫొటోలో గీత గీసిన వేలు మన ఎలక్ట్రీషియన్‌ది.

రెండు, నీళ్లు. మొదట బోరు నీళ్లతోనే కడిగారు. ఆరాక తెల్లటి సున్నపు చారలు మిగిలాయి. గుడ్డతో గట్టిగా రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి. ఇప్పుడు హ్యుమిడిఫికేషన్ ప్లాంటు కోసం వాడే సాఫ్ట్ వాటర్‌తో కడుగుతున్నారు. కాబట్టి నీళ్ల ఖర్చు మన లెక్కలో ఉంది.

మూడు, వేడి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటాం. బయట 42 డిగ్రీలున్నప్పుడు ప్యానెల్ 65 దాకా కాగుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది, అంటే మే మధ్యాహ్నం 14 శాతం పోయినట్టే. మాకు మంచి నెల మార్చి.

స్లయిడు 8: లెక్క

తెర మీద:
- 2 మెగావాట్లు: షెడ్ల మీద 1, వెనక ఐదెకరాల్లో 1
- మెగావాట్‌కు ఏడాదికి 15 లక్షల యూనిట్లు, మొత్తం 30 లక్షలు
- యూనిట్‌కు ఆదా 6 రూపాయలు (8.10 కాదు)
- ఆదా 1.80 కోట్లు, నిర్వహణ 15 లక్షలు, నికరం 1.65 కోట్లు
- పెట్టుబడి తిరిగి రావడానికి ఐదేళ్ల పైన రెండు నెలలు
- చెడ్డ లెక్క: ఉత్పత్తి 10 శాతం తక్కువ, ఆదా 5 రూపాయలే అయితే ఏడేళ్లు

నోట్సు: 6 రూపాయలే ఎందుకన్నది నిదానంగా చెప్పాలి. డిమాండ్ ఛార్జీ ఎలాగూ కట్టాల్సిందే, రాత్రి మిల్లు నడవాలి కదా. అది తీసేస్తే 6.60. గ్రిడ్‌తో కలిసి నడిచినందుకు ఏదైనా ఛార్జీ పడొచ్చని ఇంకో 60 పైసలు ముందే కోశాను.

మిల్లు నడిచే రోజుల్లో పగటి పూట మన లోడు 2 మెగావాట్ల కిందికి పడదు. కాబట్టి గ్రిడ్‌లోకి పంపేదేమీ ఉండదు, బ్యాంకింగ్‌తో పనిలేదు. లెక్కలో దానికి సున్నా వేశాను. మొదటి ఏడాదే 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చని ఆడిటర్ గారు అంటారు, అది కూడా లెక్కలో కలపలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మేరకు కొటేషన్లు మళ్లీ తెప్పించాను, 8.5 కోట్లు కొత్త అంకె.

ఇది మన వాడకంలో ఏడో వంతు మాత్రమే. ఎవరైనా "మొత్తం మిల్లుకు చాలదా?" అంటే, రాత్రి షిఫ్టుకు ఎండ ఉండదని చెప్పాలి. బ్యాటరీ ధరలు పడుతున్నాయి, రెండేళ్ల తర్వాత మళ్లీ చూద్దాం.

స్లయిడు 9: ఏం తప్పు జరగొచ్చు

తెర మీద:
- పాత షెడ్డు బరువు మోస్తుందా
- సెలవు రోజుల్లో, మిల్లు ఆగినప్పుడు ఉత్పత్తి వృథా
- కాంట్రాక్టరు మూడో ఏడాది ఫోన్ ఎత్తకపోతే

నోట్సు: పాత షెడ్డు గురించి నాకే టెన్షన్ ఉంది. ఇంజనీరు వచ్చి ట్రస్‌లు చూసి, పాత బ్లో రూమ్ మీద వద్దన్నాడు. అక్కడి ప్యానెళ్లను కొత్త గోదాము పైకి మార్చాం. మూడోదానికి మందు, 10 శాతం డబ్బు ఆపి, ఏడాది ఉత్పత్తి చూశాక ఇవ్వడం. దీనికి ఒప్పుకోని ఇద్దరు కాంట్రాక్టర్లను అప్పుడే తప్పించాను.

స్లయిడు 10: తీర్మానం

తెర మీద:
- మొదట షెడ్ల మీద 1 మెగావాట్, 4.25 కోట్లకు అనుమతి
- డిస్కం, విద్యుత్ తనిఖీ శాఖ అనుమతులు చేతికి వచ్చాకే ఆర్డరు
- ఒక ఏడాది మీటరు రీడింగు 14 లక్షల యూనిట్లు దాటితేనే రెండో మెగావాట్

నోట్సు: మొత్తం 2 మెగావాట్లూ ఒకేసారి అడగాలని వచ్చాను. రాత్రి లెక్క మళ్లీ చూసుకుని రెండుగా విడగొట్టాను. చిన్న ప్లాంటుకు మెగావాట్ ధర కాస్త పెరగొచ్చు, ఆ తేడాను కాంట్రాక్టరుతో బేరమాడతాను. కానీ బోర్డు నన్ను కాకుండా మీటరును నమ్మే వీలుంటుంది. రీడింగు ప్రతి నెలా ఐదో తేదీన, నా సంతకంతో కాదు, మిల్లు ఎలక్ట్రీషియన్ సంతకంతో అందరికీ వస్తుంది.

అదనపు స్లయిడు (అడిగితేనే చూపించాలి): "డబ్బు బ్యాంకులో వేస్తే?"

నోట్సు: ఈ ప్రశ్న చిన్న డైరెక్టర్ గారు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్నే. 4.25 కోట్లు ఎఫ్‌డీలో 7 శాతానికి వేస్తే ఏడాదికి 30 లక్షలు వస్తుంది, అసలు భద్రంగా ఉంటుంది. ఒక మెగావాట్ చెడ్డ లెక్కలోనూ ఏడాదికి 60 లక్షలు మిగులుస్తుంది, కానీ ఏడేళ్లకు గానీ అసలు తిరిగి రాదు. ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఉంటుంది, ఏటా అర శాతం పైన తగ్గుతూ పోతాయి, మధ్యలో ఒకసారి ఇన్వర్టర్లు మార్చాలి. ఏడేళ్లు ఆగలేం అనుకుంటే ఎఫ్‌డీయే మేలు, అది నేనే చెబుతాను. ఆగగలిగితే ఫిబ్రవరి లోపు ఆర్డరు పెట్టాలి, వానల ముందు షెడ్డు పని అయిపోవాలి.