లాభం ఉంది, గల్లాపెట్టెలో నగదు లేదు: ఒక స్టేషనరీ దుకాణంపై కేస్ స్టడీ

ఈ కేసులోని దుకాణం ఊహించినది. డబ్బు అంకెలన్నీ వేల రూపాయల్లో ఉన్నాయి.

ఒక స్టేషనరీ దుకాణానికి నెలకు 400 అమ్మకాలు ఉండేవి. కొనేవారు అక్కడికక్కడే డబ్బు చెల్లించేవారు కాబట్టి, యజమానురాలికి గల్లాపెట్టె లెక్కే దుకాణం లెక్కగా సరిపోయింది. అప్పుడు కొన్ని కార్యాలయాలు నెలనెలా 200 విలువైన సరుకు కావాలని, బిల్లు మాత్రం అరవై రోజుల తర్వాత చెల్లిస్తామని అడిగాయి. ఆమె సంతోషంగా ఒప్పుకున్నారు. అమ్మకాలు 600కు చేరాయి. అందుకు కావలసిన సరుకు ఖరీదు 450, జీతాలు, అద్దె వంటి ఖర్చులు 80 పోగా నెలకు 70 లాభం కనిపించింది. పంపిణీదారుకు మాత్రం కొన్న నెలలోనే చెల్లించాలి.

| | 1వ నెల | 2వ నెల | 3వ నెల |
|---|---|---|---|
| ప్రారంభ నగదు | 150 | 20 | -110 |
| వచ్చినది | 400 | 400 | 600 |
| చెల్లించినది | 530 | 530 | 530 |
| ముగింపు నగదు | 20 | -110 | -40 |

రెండో నెల చివరి రోజున పంపిణీదారు మనిషి 450 బిల్లుతో కౌంటర్ ముందు నిలబడ్డాడు. ఖర్చులు పోగా పెట్టెలో మిగిలింది 340. అదే బల్లమీదున్న జమాఖర్చుల పుస్తకం రెండు నెలలకు 140 లాభం చూపుతోంది. ఆమె ఆ పేజీని రెండుసార్లు కూడి చూశారు, లెక్క తప్పలేదు. చివరకు ఇంట్లో దాచిన సొమ్ము 110 తెచ్చి బిల్లు తీర్చారు. పై పట్టికలో ఆ సొమ్మును కలపలేదు. ఆమె వ్యాపారం తెలియనివారు కారు, సోమరి కూడా కారు. అమ్మిన రోజుకూ డబ్బు చేతికందే రోజుకూ మధ్య దూరాన్ని కొలవకుండానే ఆర్డరుకు ఒప్పుకున్నారు. విద్యార్థులు ఆమెను తప్పుపట్టే ముందు ఈ తేడాను గుర్తించాలని నా కోరిక.

చర్చకు ప్రశ్నలు

1. మూడు నెలల్లో లాభం 210 కాగా నగదు 190 తగ్గింది. ఈ రెంటి మధ్య ఉన్న 400 ఎక్కడ ఉందో లెక్కతో చూపండి.

2. కార్యాలయాలు మొదటి నుంచీ తొంభై రోజులకు చెల్లిస్తే పట్టిక ఎలా మారుతుంది? నగదు కొరత ఏ నెలలో అత్యధికం?

3. ముప్పై రోజులు ముందే చెల్లించే కార్యాలయాలకు 2 శాతం తగ్గింపు ఇవ్వడం, బ్యాంకు నుంచి నెలకు 1.5 శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవడం: వీటిలో ఏది చవక? చవకైనదే మేలైనదా? ఓవర్‌డ్రాఫ్ట్ అందకపోతే మీ జవాబు మారుతుందా?

4. పంపిణీదారు ఇకపై కొనే సరుకుకు ముప్పై రోజుల గడువు ఇస్తే ఆమెకు బయటి సొమ్ము అవసరమవుతుందా? ఆ గడువు అడగడానికి ఆమె చేతిలో ఉన్న బలమేమిటి?

5. ఆర్డరుకు ఒప్పుకునే ముందు రోజు ఆమె మీ సలహా అడిగి ఉంటే, వద్దనేవారా, సరేననేవారా? సరేనంటే ఏ షరతులతో? పై పట్టికలోని అంకెలతోనే సమర్థించండి.