రూమ్ టోన్

కొత్తవాడలో తెల్లవారుజామున ఒక్క నిమిషం చప్పుడు లేకుండా దొరకాలంటే కాచుకుని కూర్చోవాలి. అజా అయిపోగానే గుడి మైకు అందుకుంటుంది. అది ఆగేలోపు పాలబండ్లు బయల్దేరతాయి. మధ్యలో కాజీపేట వైపు నుంచి రైలు కూత. వీటి సందులో నరేశ్‌కి కావలసింది సాంబయ్య మగ్గం గది, ఎవరూ మాట్లాడనప్పుడు అది ఎలా వినిపిస్తుందో అలా. నిన్న తీసిన ఇంటర్వ్యూలో దగ్గులూ, మేడమ్ అడిగిన ప్రశ్నలూ కోసేశాక మిగిలే ఖాళీల్లో దీన్నే అతుకుతారు. లేదంటే మాటకీ మాటకీ మధ్య ఎవరో చెవులు మూసి తెరిచినట్టు ఉంటుంది.

ఫ్యాను, ట్యూబ్‌లైటు, ఫ్రిజ్ ఆపాడు. బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టాడు. పోయేటప్పుడు వాటికోసం తెరిస్తే మళ్లీ స్విచ్ వేయడం గుర్తొస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది చేసేదే. మైకు నిన్నటి చోటే పెట్టి, గెయిన్ పెంచి, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

ఇరవై సెకన్లు బాగానే ఉంది. తర్వాత... కర్... కర్ కర్.

కేబులేమో అనుకుని మార్చాడు. చొక్కా రాసుకుంటోందేమోనని ఊపిరి బిగబట్టాడు. అయినా ఉంది. గోటితో అట్ట గీకినంత సన్నగా, కాసేపు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. మైకు చేత్తో పట్టుకుని గదంతా తిప్పాడు. కిటికీ దగ్గర లేదు. గోడ దగ్గర లేదు. మగ్గం వెనక ఎడమ కాలికి ఆనించేసరికి చెవిలోనే నమిలినట్టు వినబడింది.

నరేశ్‌కి రాత్రి అన్నం వడ్డిస్తూ స్వరూప చెప్పిన మాట గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో ఏదో హోటల్ వాళ్లు ఈ మగ్గాన్ని లాబీలో పెట్టుకోవడానికి నలభై వేలకు అడిగారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, పక్కన ఆ బోర్డు కూడా పెడతారట. పది వేలు అడ్వాన్సు పిల్ల కాలేజీ ఫీజుకు పోయింది. మిగతాది పట్టుకుని ఈ రోజు పదింటికి వస్తారు. చెప్పకపోతే ఏం? తను వచ్చింది సౌండు కోసం.

"ఏందయ్యా, దాని కాళ్లు మొక్కుతున్నవా?"

గుమ్మంలో సాంబయ్య. ముసలాయనకు కుడి చెవి సరిగా పనిచేయదు. నరేశ్ ఏమీ అనలేక వాల్యూమ్ పెంచి హెడ్‌ఫోన్లు ఆయన తలకు పెట్టాడు. సాంబయ్య కళ్లు చిట్లించి విన్నాడు.

"టేకుకు పురుగా? నీ మిషన్లనే పట్టి ఉంటది."

"కాదు తాతా. ఈ కాలులోనే ఉంది."

ఆయన కూర్చుని కాలును తడిమాడు. హోటల్ వాళ్లు అడిగారని పోయిన వారమే మగ్గం మొత్తానికి వార్నిష్ కొట్టించారు. కొత్త బీరువాలా మెరుస్తోంది, ఎక్కడా రంధ్రం లేదు. జేబులోంచి నూలు కోసే చిన్న కత్తి తీసి ఒకచోట గీరాడు. వార్నిష్ పొర లేచింది. కింద నుసి, గోధుమ రవ్వంత సన్నగా, ఆయన బొటనవేలి మీద రాలింది.

"ఓర్నీ," అన్నాడు. "ఇది టేకు కాదు, మామిడి. అసలు కాలు విరిగితే రెండు నెలలకని పెట్టిచ్చిన."

ఆ రెండు నెలలు ఎన్నేళ్లయ్యాయో నరేశ్ అడగలేదు.

"మిగతావి గూడ చూడు."

చూశారు. ముసలాయన హెడ్‌ఫోన్లు తీయలేదు. నరేశ్ మైకు ఆనించడం, ఆయన తల అడ్డంగా ఊపడం, తర్వాతి కర్రకు పోవడం. బట్ట చుట్టే దుంగ, అడ్డకర్రలు, గుంటలోని తొక్కుడు చెక్కలు. అన్నీ టేకువే, ఒక్కదాంట్లోనూ అలికిడి లేదు. ఎడమ కాలుకు మాత్రం ఆయన రెండుసార్లు మైకు పెట్టించుకున్నాడు. ముచ్చటగా ఉన్నట్టుంది.

టీ గ్లాసులతో వచ్చిన స్వరూప విషయం విని అక్కడే నిలబడిపోయింది.

"మామా, వాళ్లేమన్న నేస్తరా దాని మీద? చూసేటందుకే గదా. ఊరుకుందాం."

"అది మగ్గంతోనే ఆగదు బిడ్డా. హోటల్ల ఇంకా ఎన్ని కర్రసామాన్లుంటయో."

"అడ్వాన్సు వాపసిమ్మంటె?"

సాంబయ్య హెడ్‌ఫోన్లు తీసి నరేశ్ చేతిలో పెట్టాడు. "వడ్లాయన లేచిండేమో చూసి రా. మన పాత తలుపు టేకుదే, మూలకు పడి ఉన్నది. దాని చట్రం పట్టుకొచ్చుకొమ్మను."

ఫోను మోగింది. లాడ్జి నుంచి మేడమ్, రూమ్ టోన్ అయిపోయిందా అని. "ఇంకా లేదండీ," అన్నాడు నరేశ్. వెనక సాంబయ్య అప్పుడే సుత్తితో మామిడి కాలు గూటం కొడుతున్నాడు. "ఇవ్వాళ ఇక అయ్యేట్టు లేదు."

"హోటలాయనకు ఏమని చెప్పాలె మామా?" స్వరూప ఇంకా కదల్లేదు.

"పదింటికి గాదు, పొద్దుమీకి రమ్మను. కాలు మారుస్తున్నమని చెప్పు."

"ధర తగ్గిస్తనంటె?"

"మామిడి కాలు పైసలు ఇడిసిపెడుతమను. ముప్పై రూపాయలు పెట్టి కొన్న దాన్ని."