గ్రూప్ లోన్లు, ఆడవాళ్ల సాధికారత: బెంగళూరు తెలుగు బస్తీల నుంచి అధికారులకు ఒక నోట్

ఎవరికి: కర్ణాటక మహిళా, శిశు అభివృద్ధి శాఖ; ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో, పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే సెర్ప్, మెప్మా అధికారులకు
ఎవరి నుంచి: కె.ఆర్. పురం వైపు తెలుగు కూలీ కుటుంబాలతో పనిచేసే వాలంటీర్లు

చివరిదాకా చదివే తీరిక మీకు ఉండకపోవచ్చు కాబట్టి, అడిగేది ముందే చెప్పేస్తున్నాం. కదిరి, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చిన ఆడవాళ్ల డ్వాక్రా సభ్యత్వం బెంగళూరులో కూడా చెల్లేలా చూడండి. అది కుదిరేలోపు, గ్రూప్ లోన్లలో ఒకరి బాకీ ఇంకొకరి చేత కట్టించడం ఆపించండి.

ఫైళ్లలో రెండు వేరు వేరు సంగతులను ‘గ్రూపు’ అనే ఒక్క మాట కింద కలిపేస్తున్నారు. డ్వాక్రా గ్రూపులు నడిచే పద్ధతి, అంటే 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీలో ముందు పొదుపు, తర్వాత తమ డబ్బులోంచే అప్పులు, ఆ పైన బ్యాంకు లోను. ఎవరికి ఎంత ఇవ్వాలో సభ్యులే తేలుస్తారు. మైక్రోఫైనాన్స్ కంపెనీల గ్రూపులో పొదుపు ఉండదు, ముందే అప్పు, ఒకరికొకరు పూచీ. మొదటి దానికి 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి బ్యాంకు లోను దొరుకుతుంది, రెండో దానికి 20 శాతం పైమాటే. ఊరు విడిచి వచ్చినావిడ మీటింగులకు పోలేకపోతుంది కాబట్టి మొదటిది జారిపోతుంది, ఇక్కడ గుమ్మం దగ్గరికి వచ్చేది రెండోదే.

కంతు కట్టే రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. ఉదయం ఏడున్నర, సందులో పట్ట పరిచి పదిమంది కూర్చున్నారు. ఒకావిడ భర్త సెంట్రింగ్ పనిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆమె దగ్గర కంతు డబ్బుల్లో సగమే ఉంది. లోన్ ఆఫీసరు గొంతు పెంచలేదు, తిట్టలేదు, ఊరికే ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని ‘అందరివీ అయ్యాకే వెళ్తాను’ అన్నాడు, అంతే. మిగతావాళ్లకు ఎనిమిదికల్లా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర హాజరు పడకపోతే సగం రోజు జీతం కోత. ‘ఏమక్కా, నీవల్ల మా పనులు పోతాయే’ అని మొదలైంది, కాసేపటికి ఆమె చెవి కమ్మలు తాకట్టు దుకాణానికి చేరాయి. కంపెనీ రికార్డులో మాత్రం ఆ వారం నూటికి నూరు వసూలు!

2025లో కర్ణాటక తెచ్చిన చట్టంలో బలవంతపు వసూళ్లకు 10 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మంచిదే. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు కూడా ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయడాన్ని, తిట్టడాన్ని తప్పంటున్నాయి, కుటుంబం నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదంటున్నాయి. కానీ పైన చెప్పిన పొద్దున ఏ సెక్షను కింద కేసు పెడతారు? ఒత్తిడి చేసింది ఏజెంటు కాదు, పక్కింటావిడ.

పూచీ తీసేస్తే ఎవరూ కట్టరేమో అని మీకు టెన్షన్ ఉండొచ్చు. ఫిలిప్పీన్స్‌లో ఆర్థికవేత్తలు జేవియర్ జీనే, డీన్ కార్లన్ పరీక్షించి చూశారు, ఉమ్మడి పూచీ తీసేసినా ఎగవేతలు పెరగలేదు. కోల్‌కతాలో వారం కంతును నెలకు మారిస్తే వసూలు తగ్గలేదు, ఆడవాళ్ల మీద ఒత్తిడి తగ్గింది. ఇక సాధికారత మాటంటారా, హైదరాబాద్ బస్తీల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనంలో వ్యాపారాల మీద పెట్టుబడి కొంత పెరిగింది గానీ, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ పెరిగిందనే ఆధారం దొరకలేదు. లోను ఎవరి పేరు మీద ఉందో లెక్కపెడితే సరిపోదు, ఆ డబ్బు ఎవరు ఖర్చు పెట్టారో అడగండి.

అలాగని మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద నిషేధం వద్దు. 2010 అక్టోబరులో వాటిని కట్టడి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు వచ్చాక కంపెనీల వసూళ్లు కుప్పకూలాయి, వాటితోపాటు కొత్త అప్పులూ ఆగిపోయాయి. ఇక్కడ అదే జరిగితే మిగిలేది రోజువారీ వడ్డీ వ్యాపారి.

సభ్యత్వం బదిలీకి కొత్త పథకం అక్కర్లేదు. గ్రామ సమాఖ్య తీర్మానం, పొదుపులో ఆమె వాటా ఎంతో, పాత అప్పు ఎలా తీర్చిందో రాసిన ఒక కాగితం, అది చూసి ఇక్కడి పొదుపు సంఘం ఆమెను చేర్చుకునేలా ఒక ఉత్తర్వు చాలు. ఏపీ వైపు సెర్ప్ కాగితం ఇవ్వాలి, కర్ణాటక దాన్ని ఒప్పుకోవాలి, ఎవరికి వాళ్లు ‘అది అవతలి రాష్ట్రం పని’ అనుకుంటేనే చిక్కు. ముందు కె.ఆర్. పురంలో ఒక్క వార్డులో ఆరు నెలలు చేసి చూడండి. చూడ్డానికి వస్తామంటే ఆదివారం మధ్యాహ్నం రండి, మిగతా రోజుల్లో ఇళ్లకు తాళాలే ఉంటాయి.