పేరు మార్చి చదువుతున్న వీడ్కోలు మాట

వేదిక మీద ఉన్న పెద్దలకు, హెచ్ఎం మేడమ్ గారికి, ఎంఈవో గారికి, పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నమస్కారం.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. నా చేతిలో ఉన్న ఈ కాగితం కొత్తది కాదు. 2011లో ఒక డ్రాయింగ్ మాస్టారి రిటైర్మెంటుకి రాశాను. అప్పుడు ఉద్యోగం 58 ఏళ్లకే అయిపోయేది. ఆ తర్వాత మూడు స్కూళ్లు మారాను. బీరువా తాళాలు అప్పజెప్పాను, రిజిస్టర్లు అప్పజెప్పాను, ఇది మాత్రం నాతోనే వచ్చింది. 2014లో వయసు 60 చేశారు, 2022లో 62 చేశారు. అలా పెంచినప్పుడల్లా దీనికి కూడా కొన్నాళ్లు సెలవే. ఇవాళ ఆరోసారి తీశాను. పేర్లు కొట్టేసి కొట్టేసి ఆ చోట కాగితం చిరిగింది, టేపు అంటించాను.

ఒకసారి పరువు కూడా పోయింది. బదిలీ మీద వెళ్తున్న ఒక మేడమ్‌కి ఇదే చదివాను. పేరు మార్చాను, సబ్జెక్టు మార్చాను, చివరి వాక్యం మర్చిపోయాను. "శేష జీవితం మనవలతో ఆనందంగా గడపాలని కోరుకుంటున్నాను" అని చదివేశాను. ఆవిడకి అప్పటికి 34 ఏళ్లు. హాలంతా నవ్వింది, ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వినాయన ఇవాళ్టి మన లెక్కల మాస్టారు. కౌన్సెలింగ్‌లో నేను ఏ స్కూలు కోరుకున్నా ఏడాది తిరక్కుండా ఈయన అక్కడికి వచ్చేవారు. అందుకని ఈ ప్రసంగం ఆయన మూడుసార్లు విన్నారు. మాస్టారికైనా కొత్తది రాద్దామని పది రోజుల క్రితం కూర్చున్నాను. ఆ సంగతి తెలిసి స్టాఫ్ రూమ్‌లో పట్టుకున్నారు. "ఏటి మాస్టారూ, అందరికీ చదివింది నాకెందుకు చదవరు? నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తంటే!" అన్నారు. మర్నాడు తన వివరాలు తానే రాసి తెచ్చిచ్చారు. కాబట్టి చదువుతున్నాను.

"ఈ రోజు మనందరికీ ఒక కంట సంతోషం, ఒక కంట కన్నీరు. 1996 డీఎస్సీలో ఉద్యోగంలో చేరిన మన లెక్కల మాస్టారు ఈ నెలాఖరుతో పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన సమయపాలనకు మారుపేరు."

ఇక్కడ ఆయన పెన్సిల్‌తో 'పలాస ప్యాసింజర్ లేటైన రోజులు తప్ప' అని కలిపారు.

"ఆయన అజాతశత్రువు."

ఈ మాట కొట్టేశారు. "ఇద్దరున్నారు, ఇద్దరూ ఎక్కాలు రానివాళ్లే" అని పక్కన రాశారు. సరే, అలాగే ఉంచాను.

"విద్యార్థులను కన్నబిడ్డల్లా చూసుకున్నారు."

అయిదుసార్లు ఈ వాక్యం ఇలాగే చదివాను, కింద ఏమీ రాయలేదు. ఈసారి ఆగుతాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మేం కవిటి వైపు స్కూల్లో ఉన్నాం. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలమట్టం. జీడి చెట్లు వేళ్లతో లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మాస్టారు సైకిలు మీద మా పిల్లల ఇళ్లన్నీ తిరిగారు. తర్వాత నష్టపరిహారం రాసుకునేవాళ్లు వస్తే, ఎన్ని చెట్లు పడ్డాయో చెప్పలేక పెద్దవాళ్లు తడబడుతున్నారని తొమ్మిదో తరగతి పిల్లల్ని తోటల్లోకి తీసుకెళ్లారు. వరసలు, నిలువులు, మధ్యలో ఖాళీలు తీసేసి లెక్క కట్టించారు. ఆ రోజు లెక్కలో తప్పు చేసిన ఒక గుంటడు ఇప్పుడు సర్వేయరు. వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఒరేయ్, లేవొద్దులే.

ఈ సంగతి మాస్టారు ఇచ్చిన వివరాల్లో లేదు. నేనే కలిపాను. కోప్పడినా ఇవాళ సాయంత్రం దాకానే.

"ఆయన లేని లోటు తీర్చలేనిది." ఇది మార్చలేదు. కొత్త లెక్కల టీచరు ఎప్పుడొస్తారో ఎంఈవో గారే చెప్పాలి.

"ఆయన శేష జీవితం మనవలతో ఆనందంగా గడపాలని కోరుకుంటున్నాను." ఈసారి సరిపోయింది. ఇద్దరు మనవలు, ఒక మనవరాలు. కనుక్కున్నాకే చదివాను.

మాస్టారూ, పొందూరు పంచెల చాపు, శాలువా మా అందరి తరఫున. హిందీ మేడమ్ ఇస్తారు, తీసుకోండి. అమ్మగారూ, మీరూ పైకి రండి. భోజనాలు ఎనిమిదో తరగతి గదిలో. ముందు పిల్లలు.

అటెండరు తాతా, ఫిబ్రవరి నెలాఖరుకి నీ వంతు. వివరాలు రెండ్రోజుల ముందే ఇచ్చేయి. టేపు ఇంకా ఉంది.