జ్యామితి అభ్యాస పత్రం, పదో తరగతి: సరూప త్రిభుజాలు, వృత్తాలు

పిల్లలూ, పాత పత్రం స్కాన్ బాగా మసగ్గా వచ్చింది. అందుకే ఒక్కటి తప్ప అన్ని లెక్కలూ మళ్ళీ టైప్ చేసి, బొమ్మల్ని మాటల్లో రాశాను. మీలో చూపు తక్కువున్నవాళ్ళు ఫోన్‌లో చదివించుకుని వింటారు కదా, అది విని కాగితం మీద గీయగలిగేలా ఉండాలని నా పట్టుదల. స్కాన్‌లో అనుమానం ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాను.

1. త్రిభుజం ABCలో DE ∥ BC. AD = 4 సెం.మీ., DB = 6 సెం.మీ., AE = 6 సెం.మీ. అయితే EC ఎంత?
బొమ్మ: A పైన, B కింద ఎడమన, C కింద కుడిన. AB మీద D, AC మీద E. DE అడ్డగీత.

2. O కేంద్రంగా 5 సెం.మీ. వ్యాసార్థం గల వృత్తానికి బయటి బిందువు P నుంచి PA స్పర్శరేఖ. OP = 13 సెం.మీ. PA పొడవు కనుక్కోండి.
బొమ్మ: వృత్తం ఎడమన, P దూరంగా కుడిన. స్పర్శ బిందువు A వృత్తం పైభాగంలో ఉంది. O నుంచి Aకి, O నుంచి Pకి గీతలున్నాయి. A దగ్గర లంబకోణం గుర్తు ఉంది.
గమనిక: 13 అనేది స్కాన్‌లో 18లా కూడా కనిపిస్తుంది. పేజీ వెనక జవాబుల పట్టీతో పోల్చితే 13కే కుదిరింది.

3. సమలంబ చతుర్భుజం ABCDలో AB ∥ DC. కర్ణాలు O వద్ద ఖండించుకుంటాయి. AO/BO = CO/DO అని నిరూపించండి.
బొమ్మ: AB పైన పొట్టిగా, DC కింద పొడుగ్గా. A ఎడమన, B కుడిన. A కింద D, B కింద C. AC, BD లోపల O దగ్గర కలుస్తాయి. AB, DC మీద మాత్రమే బాణం గుర్తులున్నాయి. పక్క భుజాలు AD, BC చూడ్డానికి సమానంగా ఉంటాయి, కానీ వాటి మీద ఏ గుర్తూ లేదు. కాబట్టి సమానమని తీసుకుని నిరూపణ రాయకండి, మార్కులు పోతాయి.

4. ఉద్దానంలోని ఒక తోటలో 2 మీటర్ల కర్ర నీడ 1.6 మీ. ఉన్న సమయంలోనే కొబ్బరిచెట్టు నీడ 9.6 మీ. ఉంది. చెట్టు ఎత్తెంత?
బొమ్మ: రెండు లంబకోణ త్రిభుజాలు పక్కపక్కన. నిలువు భుజాలు కర్ర, చెట్టు. నేల మీద భుజాలు నీడలు. ఎండ రెంటిమీదా ఒకే కోణంలో పడుతుంది.
గమనిక: స్కాన్‌లో దశాంశ చుక్క చెరిగిపోయి 96 అని ఉంది. అలాగైతే చెట్టు 120 మీటర్లు కావాలి, ఏ కొబ్బరిచెట్టూ అంత పెరగదు. అందుకే 9.6 అని సరిచేశాను.

5. ఈ లెక్కను ఇందులో పెట్టలేదు. రెండు సమాంతర రేఖలు, వాటిని ఖండించే తిర్యక్ రేఖ కనిపిస్తున్నాయి గానీ ఇచ్చిన కోణం అంకెలు పూర్తిగా చెరిగిపోయాయి. ఊహించి వేస్తే మీరు తప్పు లెక్క నేర్చుకుంటారు. అసలు కాపీ చూసి సోమవారం క్లాసులో రాయిస్తాను.