10వ తరగతి భౌతిక రసాయన శాస్త్రం, కాంప్లెక్స్ కామన్ టెస్ట్: బ్లూప్రింట్ (40 మార్కులు, 90 నిమిషాలు)

సార్లూ, మేడమ్‌లూ, ముందే ఒక మాట. ఇది ఫైనల్ అయ్యేదాకా ఎవరూ ఒక్క ప్రశ్న కూడా రాయొద్దు. ప్రశ్నలు ముందు రాసేసి, ఆ తర్వాత వాటికి సరిపోయేలా బ్లూప్రింట్ తయారుచేసి ఫైల్లో పెట్టే పద్ధతి మనందరికీ తెలిసిందే. అలా చేస్తే పేపర్ ఎటు పోతుందో కూడా తెలుసు: నిర్వచనాలు, సూత్రాలు, 'తేడాలు రాయండి' కలిసి సగం మార్కులు తినేస్తాయి. ఈసారి గడులు ముందు, ప్రశ్నలు తర్వాత.

యూనిట్ల భారత్వం

సిలబస్ నాలుగు యూనిట్లు. పేజీలు లెక్కపెట్టలేదు, మనం నిజంగా చెప్పిన పీరియడ్లే లెక్క. ఆమ్లాలు 11, వక్రతలాల వద్ద వక్రీభవనం 13, కన్ను 7, విద్యుత్ ప్రవాహం 14, మొత్తం 45. పీరియడ్లను 40తో గుణించి 45తో భాగిస్తే వరసగా 9.78, 11.56, 6.22, 12.44 వస్తాయి. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 10, 12, 6, 12. విద్యుత్‌కి ఒక పీరియడ్ ఎక్కువ చెప్పినా వక్రీభవనంతో సమానంగానే మార్కులు వచ్చాయేంటి అని అడుగుతారని తెలుసు. సవరింపులో అలా కుదిరింది, మొత్తం 40కి సరిపోయింది, కాబట్టి దాన్ని కదిలించొద్దు.

స్థాయిల భారత్వం

బ్లూమ్ వర్గీకరణను 2001లో సవరించాక ఆరు స్థాయిలున్నాయి కదా, మనం నాలుగే తీసుకుంటున్నాం. మూల్యాంకనం, సృజన గంటన్నర రాతపరీక్షలో సరిగా కొలవలేం, వాటిని ప్రాజెక్టుల్లో చూసుకుందాం. గుర్తుచేసుకోవడం 20 శాతం (8 మార్కులు), అర్థం చేసుకోవడం 35 (14), అన్వయం 30 (12), విశ్లేషణ 15 (6).

పట్టిక

గడిలో ముందున్నది ఒక్కో ప్రశ్నకు మార్కులు, గుణకారం గుర్తు తర్వాతది ప్రశ్నల సంఖ్య.

| యూనిట్ | గుర్తుచేసుకోవడం | అర్థం చేసుకోవడం | అన్వయం | విశ్లేషణ | మొత్తం |
|---|---|---|---|---|---|
| ఆమ్లాలు, క్షారాలు, లవణాలు | 1×2 | 4×1 | 2×1 | 2×1 | 10 |
| వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం | 1×2 | 2×1, 1×2 | 4×1 | 2×1 | 12 |
| మానవుని కన్ను, రంగుల ప్రపంచం | 1×1 | 2×1, 1×1 | 2×1 | లేదు | 6 |
| విద్యుత్ ప్రవాహం | 1×3 | 2×1, 1×1 | 4×1 | 2×1 | 12 |
| మొత్తం | 8 | 14 | 12 | 6 | 40 |

అంటే ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 3, కలిపి 23 ప్రశ్నలు. టైమ్ కూడా చూశాను: ఒక మార్కుకి నిమిషంన్నర, రెండు మార్కులకి 4 నిమిషాలు, నాలుగు మార్కులకి 8 నిమిషాలు వేస్తే 74 నిమిషాలవుతుంది. మిగిలిన 16 నిమిషాలు పేపర్ చదువుకోవడానికి, సరిచూసుకోవడానికి. మన పిల్లల రాత వేగానికి అది ఎక్కువేం కాదు.

కన్ను వరసలో విశ్లేషణ ఖాళీగా ఉన్నది మర్చిపోయి కాదు. ఆరు మార్కుల యూనిట్‌ని నాలుగు ముక్కలు చేస్తే ప్రతి ముక్కా అరకొరే అవుతుంది. అన్ని గడులూ నిండితేనే బ్లూప్రింట్ బాగున్నట్టు అని ఎక్కడా లేదు.

ఏ ప్రశ్న ఏ గడిలోకి

గొడవంతా ఇక్కడే వస్తుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. లెక్క ఇచ్చినంత మాత్రాన అది అన్వయం అయిపోదు. 6 ఓమ్‌ల నిరోధాలు మూడింటిని ఎలా కలిపితే 9 ఓమ్‌లు వస్తుంది అన్నది మంచి ప్రశ్నే, రెండింటిని సమాంతరంగా కలిపి మూడోదాన్ని వాటికి శ్రేణిలో పెట్టాలి, కానీ దాన్ని మీరు క్లాసులో బోర్డు మీద చేయించి ఉంటే ఆ పిల్లాడికి అది గుర్తుచేసుకోవడమే అవుతుంది, మనం మాత్రం అన్వయం కింద మార్కులు లెక్కేసుకుంటూ కూర్చుంటాం. కాబట్టి అన్వయం, విశ్లేషణ గడుల్లోకి టెక్స్ట్‌బుక్‌లోది, గైడ్‌లోది, క్లాసులో చేసింది ఉన్నది ఉన్నట్టు రాకూడదు. అంకెలు మారిస్తే చాలదు, సందర్భం మారాలి.

విశ్లేషణకి ఒక నమూనా ఇస్తున్నాను, దీన్నే పెట్టేయకండి: 220 వోల్టుల మీద 60 వాట్లు, 100 వాట్లు అని రాసి ఉన్న రెండు బల్బులను శ్రేణిలో కలిపి 220 వోల్టుల సప్లయ్‌కి ఇస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు? వంద అనేది పెద్ద అంకె కాబట్టి అదేనని చాలామంది రాస్తారు. రెండింటిలో ఒకటే కరెంటు పోతుంది, నిరోధం 60 వాట్ల దాంట్లోనే ఎక్కువ, కాబట్టి వెలుగూ దానికే ఎక్కువ. ఇందులో కొత్త సూత్రమేమీ లేదు, తెలిసిన రెండు విషయాలను విడదీసి చూసి కలపడమే, ఆ గడిలో మనం అడగాల్సింది సరిగ్గా ఇదే.

స్థాయి వేరు, కష్టం వేరు. ఎవరికీ గుర్తుండని చిన్న వివరం అడిగితే ప్రశ్న కష్టమవుతుందే తప్ప స్థాయి పెరగదు.

యూనిట్ రాసేవాళ్లకి

ఆమ్లాలు రాసే మేడమ్, మీ నాలుగు మార్కుల ప్రశ్న అర్థం చేసుకోవడం గడిలో ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణంలో బల్బు వెలిగి, గ్లూకోజ్ ద్రావణంలో ఎందుకు వెలగదో అయాన్లతో వివరించమనే తరహాలో ఉంటే సరిపోతుంది. ప్రయోగం పటం అడిగితే మార్కులు బొమ్మకి పోతాయి, కారణం పక్కకి పోతుంది. అన్వయానికి నేల pH తీసుకోవచ్చు, మన పిల్లల్లో సగం మంది ఇళ్లలో పొలం ఉంది.

వక్రీభవనం రాసే సార్, నాలుగు మార్కుల లెక్కలో కిరణ చిత్రం తప్పనిసరి చేయండి, లెక్కకి 2, చిత్రానికి 2. సంజ్ఞా సంప్రదాయం తప్పితే ఎన్ని మార్కులు తగ్గించాలో కీలోనే రాయాలి, లేదంటే నాలుగు బడుల్లో నాలుగు రకాలుగా దిద్దుతాం.

కన్ను అన్వయానికి హ్రస్వదృష్టి లెక్క వేస్తే, గరిష్ఠ దూర బిందువు 2 మీటర్లు ఇస్తే సామర్థ్యం మైనస్ 0.5 డయాప్టర్లు వస్తుంది, చేతి లెక్కకి హాయిగా ఉంటుంది. దీన్ని తీసుకెళ్లి వక్రీభవనం ఖాతాలో వేయకండి, అక్కడి 12 మార్కులు వేరే ఉన్నాయి.

విద్యుత్ రాసే సార్‌కి ఒకటే, ఒక మార్కువి మూడూ ప్రమాణాల మీదే పెట్టొద్దు.

ఛాయిస్

నాలుగు మార్కుల మూడింటికి మాత్రమే అంతర్గత ఛాయిస్. రెండు ప్రశ్నలూ అదే యూనిట్, అదే స్థాయి అయ్యుండాలి. అన్వయానికి ఛాయిస్‌గా ఒక వ్యాసరూప నిర్వచనం పెడితే పిల్లలందరూ దాన్నే ఎంచుకుంటారు, ఈ పట్టికంతా వృథా.

పట్టిక మీద అభ్యంతరాలు 12వ తేదీ సాయంత్రంలోగా చెప్పండి, ఆ తర్వాత గడులు మార్చేది లేదు. ప్రశ్నలు 18కల్లా పంపాలి, ఒక్కో ప్రశ్న పక్కన యూనిట్, స్థాయి, మార్కులు, సమాధానం, మార్కుల విభజన ఉండాలి. మీరు వేసిన స్థాయిని ఆ యూనిట్ రాయని ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే మార్చాల్సింది ప్రశ్ననే, గడిని కాదు.