శనివారం రాత్రి నేమ్‌సర్వర్ల మార్పు: వెబ్‌సైట్, ఈమెయిల్ గురించి సిబ్బందికి గమనిక

పలాస ఫ్యాక్టరీ, టెక్కలి గోదాము, శ్రీకాకుళం ఆఫీసు సిబ్బంది అందరికీ,

ఈ శనివారం రాత్రి 9 గంటలకు మన డొమైన్ నేమ్‌సర్వర్లు మారుస్తున్నాం. మన వెబ్‌సైట్ ఎక్కడుందో, మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో ఇంటర్నెట్‌కు చెప్పేవి ఇవే. సైట్, మెయిల్‌బాక్సులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పాత మెయిళ్లు ఎక్కడికీ పోవు, పాస్‌వర్డ్‌లు మారవు.

ఇంటర్నెట్ కంపెనీల సర్వర్లు పాత సమాధానాన్ని కొంతకాలం దాచుకుంటాయి కాబట్టి మార్పు అందరికీ ఒకేసారి చేరదు. 48 గంటలు, అంటే సోమవారం రాత్రి వరకు, మీ ఫోన్‌లో తెరుచుకున్న సైట్ పక్కవారి కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. అలాంటప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టి, బ్రౌజర్ మూసి తెరవండి:

```
ipconfig /flushdns
```

పాత నేమ్‌సర్వర్లను మరో వారం నడుపుతాం. చాలామందికి తేడాయే తెలియదనుకుంటున్నాం.

జాగ్రత్త పడాల్సింది మెయిల్ దగ్గరే. రావలసినవి ఆలస్యం కావచ్చు. పంపినవారి సర్వర్ సాధారణంగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మనం పంపినవి అవతలివారి స్పామ్‌లో పడొచ్చు. జీడిపప్పు ఆర్డర్ల కొటేషన్లు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు శనివారం సాయంత్రంలోపే పంపేయండి. తప్పనిసరైతే పంపాక పార్టీకి ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. మెయిల్ తిరిగొస్తే డిలీట్ చేయకండి, అందులోని ఎర్రర్ మాకు కావాలి.

ఈ మార్పు పేరు చెప్పి ఎవరైనా పాస్‌వర్డ్ అడిగితే అది మేం కాదు.

ఆదివారం కూడా ఆఫీసులోనే ఉంటాం. మెయిల్ పనిచేయకపోతే ఆ సంగతి మెయిల్‌లో రాయకండి, ఎక్స్‌టెన్షన్ 21కి ఫోన్ చేయండి.

ఐటీ అడ్మినిస్ట్రేటర్, శ్రీకాకుళం ఆఫీసు